పిల్లల ప్యాంటు పొట్టి, పెద్దల ప్యాంటు వదులు

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. ఏడాదిలో 9 సెంటీమీటర్లు పెరిగి ఇప్పుడు 166 ఉన్నాడు, మనిషి మాత్రం బాగా సన్నం. పిల్లల విభాగంలో ఆఖరి సైజు ప్యాంటు నడుముకు సరిపోతుంది కానీ చీలమండ పైకి పోతుంది. మగవాళ్ల విభాగంలో అన్నిటికన్నా చిన్నదైన 28 తొడిగితే నడుము దగ్గర బోలెడు గుడ్డ మిగిలిపోతుంది. బెల్టు బిగిస్తే సంచి మూతి కట్టినట్టు ఉంటుంది. చొక్కాలతోనూ ఇదే గొడవ. దుకాణానికి రమ్మంటే రాడు, వచ్చినా తొడిగి చూడడు. పెద్ద సైజు కొని సర్దుకోవాలా, కుట్టించాలా? ఒకేసారి ఎన్ని కొనవచ్చు? – ఒక తల్లి

సమాధానం:

అమ్మా, పిల్లల విభాగాన్ని ఇక వదిలేయండి. పెద్దల విభాగంలో అన్నిటికన్నా చిన్న సైజు తీసుకోండి. తీసుకునేటప్పుడు పొడవు చూసి తీసుకోండి, నడుము వెడల్పును దర్జీ చేత లోపలికి కుట్టించండి. ఆ కుట్టేటప్పుడు ఒక్క అంగుళం గుడ్డ కూడా కత్తిరించనివ్వకండి. ఉన్న వెడల్పును తగ్గించవచ్చు గానీ, లేని పొడవును ఏ దర్జీ తేలేడు. అయితే అన్ని ప్యాంట్లూ ఈ పనికి లొంగవు. ఏవి లొంగుతాయో చెప్పే ముందు ఈ రెండు విభాగాలూ ఎందుకు కలవవో చెబుతాను, కొనేటప్పుడు అది పనికొస్తుంది.

పిల్లల దుస్తులను వయసును బట్టో ఎత్తును బట్టో వరుస పెడతారు. ఐరోపా పద్ధతిలో లేబుల్ మీద ఉండే 152, 158, 164, 170 అనే అంకెలు సెంటీమీటర్లలో పిల్లల ఎత్తు. మెట్టుకు 6 సెంటీమీటర్లు. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడు కాలి పొడవుతో పాటు నడుము, తుంటి, తొడ కూడా కాస్త కాస్త పెరుగుతాయి. అంటే పొడవు పెరిగే పిల్లాడు అదే లెక్కన లావు కూడా అవుతాడని ఆ పట్టిక నమ్మకం. పెద్దల దుస్తుల లెక్క వేరు. అక్కడ సైజును నిర్ణయించేది నడుమో ఛాతీయో. ఎత్తు మాత్రం ఎదగడం పూర్తయిన మనిషిదే అనుకుని కోస్తారు. అందుకే పెద్దల చొక్కాల్లో చిన్న సైజుకూ పెద్ద సైజుకూ ఛాతీ దగ్గర చాలా తేడా ఉన్నా, పొడవులో తేడా కొద్ది సెంటీమీటర్లే. మీరు పిల్లల ఆఖరి సైజు దాటి 28 చేతిలోకి తీసుకున్నప్పుడు వరుసలో తరవాతి మెట్టు ఎక్కారని అనుకుంటారు. నిజానికి అది వేరే మెట్లదారి. ఆ 28 ఎదిగిన సన్నటి మగవాడి కోసం కోసింది. మీవాడిలాంటి శరీరాన్ని మనసులో పెట్టుకుని కోసిన ప్యాంటు ఆ రెండు వరుసల్లోనూ ఉండదు.

ఒక మినహాయింపు ఉంది. కొందరు తయారీదారులు పిల్లల వరుసను 164 దగ్గర ఆపకుండా 170, 176 దాకా తీసుకెళ్తారు. వాటిలో చాలావాటికి నడుము పట్టీ లోపల రంధ్రాల ఎలాస్టిక్, దాన్ని తగిలించే గుండీ ఉంటాయి. అలాంటిది కంటబడితే ముందు దాన్నే చూడండి, దర్జీ పని తప్పుతుంది. అది దొరకని వాళ్లే ఎక్కువ కాబట్టి మిగతా ఉత్తరం ఆ దారి లేదనుకునే రాస్తున్నాను.

ఎదుగుదల ఊపందుకున్నప్పుడు శరీరం అన్నివైపులా ఒకేసారి పెరగదు. ముందు పాదాలు, చేతులు సాగుతాయి. తరవాత కాళ్లు, ఆ తరవాత మొండెం. భుజాలు, ఛాతీ విచ్చుకోవడం, కండ పట్టడం చివరగా జరుగుతాయి. బరువు వేగంగా పెరిగే దశ ఎత్తు వేగంగా పెరిగే దశకు కాస్త వెనకగా వస్తుంది. మీవాడు ఇప్పుడు కాళ్లు సాగిన దశలో ఉన్నాడు, వెడల్పు ఇంకా రావలసి ఉంది. అంటే ఇవాళ నడుము దగ్గర ఎక్కువనిపిస్తున్న గుడ్డ ఏడాదికో రెండేళ్లకో కావలసిన గుడ్డే. కత్తిరించవద్దని మొదటే అన్నది అందుకే.

ఇక కొలతలు. వాడిని దుకాణానికి ఈడ్చుకెళ్లనక్కరలేదు. ఇంట్లో టేపు పట్టి మూడు కొలతలు తీసుకోండి. నడుమును బొడ్డు దగ్గర కొలిచే అలవాటు చాలామందికి ఉంది, కానీ ఈ కాలపు ప్యాంటు అక్కడ నిలవదు. అది నిలిచేది తుంటి ఎముకల పైన, బొడ్డుకు కొన్ని వేళ్ల కింద. మీవాడు రోజూ తొడిగే ప్యాంటు పట్టీ ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడే కొలవండి. రెండోది తుంటి, వెనక భాగం అన్నిటికన్నా ఉబ్బుగా ఉన్నచోట. మూడోది లోపలి కాలి పొడవు. దీన్ని కాలి మీద కొలవబోతే వాడు ఒప్పుకోడు, అంకె కూడా సరిగ్గా రాదు. ఇంట్లో కాలి పొడవు వాడికి సరిపోయే ప్యాంటు ఏదైనా ఉంటే, తండ్రిదైనా సరే, నేలమీద పరిచి రెండు కాళ్లూ కలిసే కుట్టు నుంచి అంచు దాకా లోపలి కుట్టు వెంట కొలవండి. అలాంటిది లేకపోతే పొట్టి అయిపోయిన వాడి ప్యాంటునే అలా కొలిచి, తొడిగి నిలబడినప్పుడు ఇంకెంత దిగాలో ఆ మేరకు కలపండి.

మీరు కొలతలు రాయలేదు. ఆ ఎత్తు, ఆ సన్నదనం ఉన్న పిల్లాడికి నప్పే అంకెలతో లెక్క వేసి చూపిస్తాను. మీ టేపు చూపిన అంకెలను వాటి స్థానంలో పెట్టుకోండి. బొడ్డు దగ్గర 66 సెంటీమీటర్లు, పట్టీ నిలిచేచోట 71, తుంటి 82, కావలసిన లోపలి పొడవు 75 అనుకుందాం.

28 అంగుళాలంటే 71 సెంటీమీటర్లు. కాగితం మీద చూస్తే అచ్చంగా సరిపోవాలి. కానీ దుకాణంలోని 28 ప్యాంటు గుండీ పెట్టి, పట్టీ ముందు వెనకల అంచులు కలిపి బల్లమీద పరిచి కొలిస్తే 39 వచ్చిందనుకోండి, చుట్టుకొలత 78. లేబుల్‌కూ టేపుకూ 7 సెంటీమీటర్ల తేడా. ఇందులో వింతేమీ లేదు. లేబుల్ మీది అంకె బొడ్డు దగ్గరి నడుమును ఊహించి వేసింది, పట్టీ కోసింది దానికి దిగువన ఉండే వెడల్పుకు. పైగా తొడిగేవాడు తన నడుము సన్నమని మురవాలని ధారాళంగా కోసేవాళ్లూ ఉన్నారు. కాబట్టి సైజు పట్టికను నమ్మకండి, ప్యాంటునే కొలవండి. ఆన్‌లైన్‌లో కొంటే రెండు రకాల పట్టికలు కనిపిస్తాయి. ఒకటి ఏ శరీర కొలతకు ఏ సైజు సరిపోతుందో చెప్పేది, రెండోది తయారైన దుస్తు కొలత. మీకు కావలసింది రెండోది. అది ఇవ్వని చోట ప్యాంట్లు కొనకపోవడమే మేలు.

ఇప్పుడు పొడవు. 28 నడుముకు 30, 32 అంగుళాల కాళ్లు దొరుకుతాయనుకుందాం. 30 అంటే 76 సెంటీమీటర్లు, 32 అంటే 81. మీకు కావలసింది 75 కాబట్టి చెయ్యి 30 వైపే పోతుంది, దుకాణంలో తొడిగినా అదే చక్కగా కనిపిస్తుంది. అది తీసుకోకండి. నూలు ప్యాంటు మొదటి ఉతుకుల్లో పొడవున నూటికి రెండు మూడు వంతులు కుంచించుకుపోవడం మామూలే. 76 కాస్తా 74 అవుతుంది, వారం తిరగకుండా పొట్టి ప్యాంటు చేతిలో ఉంటుంది. 81 అయితే 79 దగ్గర ఆగుతుంది. 75 పోగా 4 సెంటీమీటర్లు అంచులో దాచుకోవచ్చు. మీవాడు ఇదే వేగంతో, ఏడాదికి 9 చొప్పున పెరిగితే అందులో సుమారు సగం కాళ్లకు పోతుంది. ఆ లెక్కన ఆ 4 సెంటీమీటర్లు పది నెలలకు పైగా ఆదుకుంటాయి. ఒక్క సైజు పొడవు ఎంచుకోవడంలోనే ప్యాంటు వారం ఉంటుందా, ఏడాది ఉంటుందా అన్నది తేలిపోతుంది.

ఇంటికి తెచ్చాక వాడు తొడిగి చూసి, ఉంచుకుందామని మీరిద్దరూ అనుకున్నాకే ఉతకండి. ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలిచి, ఆ తరవాతే దర్జీ దగ్గరికి తీసుకెళ్లండి. ఈ వరుస తప్పితే చేసిన పనంతా వృథా.

నడుము దగ్గరి పని దర్జీ నేర్పు కన్నా మీరు కొన్న ప్యాంటు రకాన్ని బట్టి ఉంటుంది. ప్యాంటును తిరగేసి వెనక నడిమి కుట్టును చూడండి. ఇస్త్రీ ప్యాంట్ల రకంలో చాలావాటికి అక్కడ పట్టీ రెండు ముక్కలుగా ఉండి, కుట్టుకు రెండు వైపులా రెండు మూడు సెంటీమీటర్ల గుడ్డ మడిచి ఉంటుంది. లావెక్కినా సన్నబడినా సర్దుకోవడానికే దాన్ని అలా వదిలారు. ఆ కుట్టు విప్పి, కావలసినంత లోపలికి జరిపి మళ్లీ కుట్టడం చిన్న పని, బయటికి ఏమీ తెలియదు. జీన్సు అలా కాదు. దాని పట్టీ చుట్టూ ఒకే ముక్క. వెనక కుట్టు ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరుసల దారంతో పైనుంచి కుట్టిన గట్టి కుట్టు. నడుము తగ్గించాలంటే పట్టీని కత్తిరించక తప్పదు, రేపు వదులు చేయాలంటే కలపడానికి గుడ్డ ఉండదు. పాత సూది గుర్తులు కూడా రంగు వెలిసిన గుడ్డ మీద కనిపిస్తూనే ఉంటాయి. అందుకని ఈ ఏడాదికి జీన్సు తగ్గించి, వెనక పట్టీ చీలి ఉన్న నూలు ప్యాంట్లో, లోపల తాడు లాగే ప్యాంట్లో తీసుకోండి. జీన్సే కావాలని పట్టుబడితే సాగే గుడ్డ కలిసినది ఒక్కటి కొని, దానికి కింద చెప్పబోయే ఎలాస్టిక్ పద్ధతి వాడండి.

మన లెక్కలో పట్టీ ఉతికాక 77కి వచ్చిందనుకుందాం. నిలిచేచోట నడుము 71, కూర్చుని లేవడానికి ఒక సెంటీమీటరు వదులు, మొత్తం 72 కావాలి. తగ్గించవలసింది 5. వెనక నడిమి కుట్టు ఒక్కటే పట్టుకుని చేయగల పనికి ఇంచుమించు ఇదే హద్దు. దీన్ని మించితే వెనక జేబులు రెండూ మధ్యకు జరిగి దాదాపు ఒకదాన్నొకటి తాకుతాయి, పక్క కుట్లు వెనక్కి లాగినట్టు వాలిపోతాయి. అద్దంలో పక్కనుంచి చూస్తే వెంటనే తెలుస్తుంది. పక్క కుట్టు నేలకు నిట్టనిలువుగా దిగాలి. అది వెనక్కి వంగితే ఆ ప్యాంటులో తగ్గించవలసింది మరీ ఎక్కువైందని అర్థం. 7, 8 సెంటీమీటర్లు తగ్గించవలసి వస్తే ఆ ప్యాంటు వద్దు.

ఎలాస్టిక్ పద్ధతి ఇంట్లోనే చేసుకోవచ్చు. పట్టీ లోపలి పొరలో, రెండు పక్క కుట్లకు కాస్త వెనకగా రెండు చిన్న చీలికలు పెట్టి వాటి అంచులు కాజా కుట్టుతో బిగించండి. పిల్లల ప్యాంట్లలో వాడే రంధ్రాల ఎలాస్టిక్‌ను ఒక చీలికలోంచి ఎక్కించి రెండో దానిలోంచి తీసి, చీలికల పక్కన కుట్టిన చిన్న గుండీలకు తగిలించండి. మూడు నాలుగు సెంటీమీటర్ల వదులు ఇందులో సర్దుకుపోతుంది. అంతకన్నా లాగితే వెనక కుచ్చిళ్లు పడతాయి, మీరు రాసిన ఆ సంచి మూతి మళ్లీ వస్తుంది. దీని మీద చొక్కా వదిలేసుకునే పిల్లలకు ఇది చాలు. నాకైతే దర్జీ చేసే పని కన్నా ఇదే నచ్చుతుంది, నెల నెలా ఒక్కో రంధ్రం వదులు చేసుకోవచ్చు.

పెద్దల ప్యాంట్లలో దర్జీ సులువుగా సరిచేయలేని చోటు ఒకటి ఉంది. కాళ్లు కలిసే కుట్టు నుంచి పట్టీ దాకా ముందువైపు ఉండే ఎత్తు. మీవాడి కాళ్లు సాగాయి గానీ మొండెం ఇంకా పొట్టి, కాబట్టి పెద్దల ప్యాంటులో ఈ భాగం ఎక్కువై కింద జారుతుంది. తొడిగి నిలబడ్డాక కాళ్ల మధ్య గుడ్డ ఒక వేలు మందం వదులుగా ఉంటే మంచిదే. రెండు మూడు సెంటీమీటర్లకు మించి వేలాడుతుంటే ఆ ప్యాంటు పక్కన పెట్టేయండి, నడుము తగ్గిస్తే అది పైకి పోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. కుర్చీలో కూర్చోబెట్టి కూడా చూడాలి. కూర్చుంటే అంచు కొంత పైకి లేవడం సహజం, మరీ పైకి పోతే పొడవు చాలలేదని. వెనక పట్టీ వీపుకు దూరంగా నోరు తెరిస్తే తగ్గించవలసింది ఇంకా ఉందని. పరిచి కొలిచేటప్పుడు ఈ ముందు భాగం ఎత్తును కూడా వాడికి కుదిరిన పాత ప్యాంటుతో పోల్చుకుంటే సగం ప్యాంట్లు ఇంటికి రాకముందే తప్పుకుంటాయి.

అంచు మడత విషయానికి వస్తే, కాలు నిటారుగా దిగే ప్యాంటే కొనండి. కిందికి పోను పోను ఇరుకయ్యే రకంలో పొడవు దాచడం కుదరదు. అంచు దగ్గర చుట్టుకొలత తక్కువ, నాలుగు సెంటీమీటర్ల పైన ఎక్కువ. ఆ ఇరుకు అంచును పైకి మడిస్తే వెడల్పైన చోట చాలక గుడ్డ ముడతలు పడుతుంది. నిటారు కాలికి ఈ బాధ లేదు. దుకాణంలో వేసిన అసలు అంచును విప్పకుండానే మొత్తం నాలుగు సెంటీమీటర్లు లోపలికి మడిచి, చేత్తో దూరదూరంగా కుట్టు వేయండి, బయటికి దారం చుక్కల్లా మాత్రమే కనిపించేలా. మిషను కుట్టు వేస్తే విప్పినప్పుడు సూది రంధ్రాల వరుస మిగిలిపోతుంది. ఆరు నెలల తరవాత రెండు సెంటీమీటర్లు వదలండి, మిగతాది తరవాత.

విప్పినచోట పాత మడత గీత కనిపిస్తుంది. దానికి రంగే మందు. బూడిద, గోధుమ, మట్టి రంగుల్లో, నేతలో కాస్త గరుకుతనం ఉన్న గుడ్డలో ఆ గీత పట్టి చూస్తే తప్ప తెలియదు. ముదురు నీలం, నలుపు నూలులో మడత అంచు రాపిడికి వెలిసి తెల్లటి గీతగా మిగులుతుంది. ఉత్త మడత ముద్ర అయితే తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే పోతుంది గానీ, రంగు పోయిన గీత పోదు. ముదురు రంగు ప్యాంటు తప్పనిసరైతే పాలిస్టర్ కలిసినది తీసుకోండి, అది అంత తొందరగా వెలవదు, అంతగా కుంచించుకుపోదు కూడా.

చొక్కాల సంగతి ఇంత చిక్కు కాదు. అక్కడ కదపరానిది భుజం. భుజం కుట్టు ఎముక అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా కిందికి దిగినా బాగానే ఉంటుంది, ఆరు నెలల్లో ఆ చోటు నిండుతుంది. రెండున్నర దాటితే చేతి కుట్టు పైచేతి మీద వేలాడుతుంది. దాన్ని సరిచేయాలంటే చేతులు విప్పి, కాలరు పక్కదాకా తిరగ కోయాలి, కొత్త చొక్కా కుట్టినంత పని. పక్కల వదులును మాత్రం ఎవరైనా తగ్గిస్తారు. పెద్దల వరుసలో ఎస్ కన్నా చిన్నదైన ఎక్స్‌ఎస్ అన్నిచోట్లా పెట్టరు, అడిగి చూడండి. చేతుల పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉన్నా ఫర్వాలేదు, మణికట్టు గుండీ కాస్త బిగుతు జరిపితే చెయ్యి కిందికి జారదు. ఇక టీషర్టులు. భుజం కిందికి జారేలా కావాలనే కోసే రకం ఇప్పుడు బాగా దొరుకుతుంది, అది కొంటే ఈ తలనొప్పే ఉండదు.

వాడు తొడిగి చూడడన్నారు. ఆ వయసులో గది బయట అమ్మ, అమ్మకందారు నిలబడి నడుము దగ్గర గుడ్డ పట్టుకుని లాగుతుంటే ఎవరికి మాత్రం ఇష్టం? తిరిగి ఇచ్చే వీలున్న చోట 28లోనే రెండు రకాలు తెచ్చి, లేబుళ్లు తెంపకుండా గదిలో పెట్టి వదిలేయండి. వాడే తొడిగి, కూర్చుని, వంగి చూసుకుంటాడు. మీరు చూడవలసింది వాడు ఎంచుకున్నదాన్ని ఒక్కసారి మాత్రమే. ఇంకో చిట్కా ఉంది గానీ వాడి స్వభావం తెలిసి వాడండి. ఆడవాళ్ల నిటారు జీన్సు 24, 25, 26 నడుముల్లో కూడా పొడవైన కాళ్లతో దొరుకుతాయి. తుంటి వంపు ఎక్కువగా కోస్తారు కాబట్టి అందరికీ నప్పవు, కొందరు సన్నటి అబ్బాయిలకు మాత్రం చక్కగా సరిపోతాయి. లేబుల్ చూసి చిన్నబుచ్చుకునే పిల్లాడైతే ఆ ఊసే ఎత్తకండి.

ఎన్ని కొనాలంటే, ఒకసారికి మూడు ప్యాంట్లు చాలు. ఆపైన కొనే ముందు ఎత్తు చూడండి. నెలకోసారి, ఒకే వేళకు, గోడకు ఆనించి గుర్తు పెట్టండి. పొద్దున నిలువెత్తు సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది కాబట్టి వేళ మారితే గుర్తులు మోసం చేస్తాయి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లకు పైగా పెరుగుతున్నంత కాలం నిల్వ పెట్టుకోవద్దు. పాదాలనూ గమనించండి. ఎదుగుదలలో ముందుండేవి అవే, ముందు ఆగేవీ అవే. సాయంత్రం పూట నిలబెట్టి, మడమ గోడకు ఆనించి, పెద్దదైన పాదాన్ని కొలవండి. మడమ నుంచి పొడవాటి వేలి దాకా కొలత ఆరేడు నెలలుగా కదలకపోతే కాళ్ల పొడవు కూడా నెమ్మదించే దశ దగ్గరపడిందని లెక్క. ఖరీదైన జీన్సు, బూట్లు ఏవైనా ఉంటే అప్పటిదాకా ఆపి కొనండి.

పూర్తిగా కుట్టించడం ఎప్పుడంటే, దొరికిన అన్నిటిలోనూ ఏడు సెంటీమీటర్లో అంతకు మించో తగ్గించవలసి వస్తున్నప్పుడు, లేదా ముందు భాగం ఎత్తు ఏ ప్యాంటులోనూ కుదరనప్పుడు. అప్పుడు గుడ్డను ముందే తడిపి ఆరబెట్టి ఇవ్వండి. వెనక నడిమి కుట్టుకు ఇటూ అటూ నాలుగేసి సెంటీమీటర్లు, అంచులో ఏడు సెంటీమీటర్లు వదిలి నిటారు కాలు కోయమనండి. దుకాణం ప్యాంటు ఇచ్చినా, కొత్తది కుట్టించినా దర్జీకి ఇవి నోటితో చెప్పి ఊరుకోకండి. చాలామంది దర్జీలకు మిగులు గుడ్డ లోపల ఉండడం నచ్చదు, పని నీటుగా కనిపించాలని కత్తెర వేసేస్తారు. చీటీ మీద రాసి ఇవ్వండి. దుకాణం ప్యాంటు అయితే ఇలా రాసి దానికి గుచ్చండి: “వెనక కుట్టులో 5 సెంటీమీటర్లు తగ్గించాలి. పట్టీ దగ్గర మొదలుపెట్టి కిందికి సన్నగా దింపి, సీటు వంపు రాకముందే పాత కుట్టులో కలపాలి. లోపలి గుడ్డ కత్తిరించవద్దు, రెండువైపులా విడదీసి ఇస్త్రీ చేయాలి. కుట్టు పెద్దదిగా వేయాలి, మళ్లీ విప్పాలి.” తెచ్చుకునేటప్పుడు అక్కడే తిరగేసి చూడండి. పట్టీ వెనక మధ్యలో వేలు పెడితే మందంగా తగిలితే గుడ్డ ఉన్నట్టే. పల్చగా తగిలితే కత్తెర పడిందన్నమాట. మిగతా రెండు ప్యాంట్లూ ఆ దర్జీకి ఇవ్వకండి.